పెళ్లికి ముందే మొదలయ్యే వణుకు: ఎలా సిద్ధం కావాలి?

శ్రావణ_మేఘం
నమస్కారం. ఈ నెలాఖరులో రాజమహేంద్రవరంలో మా పెద్దమ్మ కూతురి పెళ్లి. నాకు 28 ఏళ్లు, హైదరాబాదులో ఉద్యోగం. పెళ్లి కబురు తెలిసిన రోజు నుంచే కడుపులో గుబులు మొదలైంది.

నా భయమంతా నా చేతుల గురించే. విడిదిలో కాఫీ ఇస్తారు, గ్లాసు పట్టుకోగానే చేయి వణుకుతుంది, చుట్టూ ఉన్న పిన్నులూ అత్తయ్యలూ చూస్తారు. రిసెప్షన్‌లో వేదిక ఎక్కి అక్షింతలు వేయడం ఇంకా కష్టం. పైన కెమెరా, పక్కన పెద్ద తెర, ఆ తెర మీద నా చేయి. రాత్రి పడుకుంటే ఇదంతా కళ్ల ముందు తిరుగుతూనే ఉంటుంది. విచిత్రమేమిటంటే ఇంట్లో ఒక్కదాన్నే కాఫీ తాగితే వణకదు.

పెళ్లి మానేయడం కుదరదు, మానేయాలనీ లేదు. ఈలోగా ఏం చేస్తే కొంచెమైనా తగ్గుతుంది?

ముందడుగు
అమ్మా, ఇదంతా అలవాటు లేకపోవడం వల్లే. నాకూ ఉండేది. ఎన్ని ఫంక్షన్లు వస్తే అన్నింటికీ వెళ్లండి, ఒక్కటీ వదలకండి. వరుసగా వెళ్తే భయం దానంతట అదే పోతుంది. ఈలోగా అద్దం ముందు నిలబడి ఎవరు ఏమడిగితే ఏం చెప్పాలో బాగా సాధన చేయండి.

శ్రావణ_మేఘం
ముందడుగు గారూ, వెళ్తూనే ఉన్నానండీ. మాది పెద్ద కుటుంబం, ప్రతి సీజనులోనూ పెళ్లిళ్లే. కాలేజీ రోజుల నుంచి ఒక్కటీ వదల్లేదు. ఇసుమంత కూడా తగ్గలేదు.

మైకు_టెస్టింగ్
స్టేజి మీద మాట్లాడాలంటే మొదటి రెండు వాక్యాలు కంఠస్థం చేయండి, తర్వాత అదే సాగిపోతుంది. చేతిలో కాగితం పట్టుకోవద్దు, వణుకు కాగితంలో కనిపిస్తుంది. అట్టముక్క మీద రాసుకోండి. ప్రేక్షకుల్లో నవ్వుతున్న ఒక ముఖాన్ని ఎంచుకుని ఆ వైపే చూడండి.

శ్రావణ_మేఘం
నేను మాట్లాడాల్సిన పని లేదండీ, అక్షింతలు వేసి ఫోటో దిగి రావడమే. కాగితం మాట మాత్రం గుర్తుంచుకుంటాను.

విశాఖ_తీరం
నేను విశాఖపట్నంలో క్లినికల్ సైకాలజిస్టుని. ఇక్కడ చికిత్స చేయలేను, ఒక ప్రశ్న మాత్రం అడుగుతాను. శ్రావణ_మేఘం గారూ, కాఫీ గ్లాసు చేతికొచ్చిన క్షణంలో వణుకు కనబడకుండా ఉండటానికి మీరు ఏమేం చేస్తారు? సిగ్గుపడకుండా అన్నీ రాయండి. మీరు ఇన్ని పెళ్లిళ్లకు వెళ్లినా ఎందుకు తగ్గలేదో ఆ జాబితాలోనే తెలుస్తుంది.

శ్రావణ_మేఘం
రాస్తే నాకే నవ్వొస్తోంది.

సగం గ్లాసే తీసుకుంటాను, ఒలకకుండా. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటాను, మోచేతులు పొట్టకు ఆనించి. ఎవరైనా దగ్గరికొస్తే గ్లాసు కింద పెట్టేసి ఫోను చూస్తాను. స్తంభం పక్కన కుర్చీ వెతుక్కుంటాను. జీతం ఎంత, పెళ్లెప్పుడు అని అడిగితే చెప్పాల్సిన జవాబులు ముందే వల్లె వేసుకుంటాను. ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ల మాట వినడం కన్నా నా చేయి ఎలా ఉందో లోపల గమనించుకుంటూ ఉంటాను. రిసెప్షన్‌లో అయితే వరుసలో నిలబడి చివరి నిమిషంలో ఏదో వంకతో తప్పుకుంటాను.

విశాఖ_తీరం
ఇందులో ఒక్కొక్కటీ ఏం చేస్తోందో చూడండి.

గట్టిగా పట్టుకోవడం: ముంజేతి కండరాలను బిగిస్తే వణుకు పెరుగుతుందే గానీ తగ్గదు. ఇప్పుడే ఖాళీ గ్లాసును బలమంతా పెట్టి చాచిన చేత్తో పట్టుకోండి, తర్వాత వదులుగా పట్టుకోండి. తేడా మీకే కనిపిస్తుంది.

ఫోను, స్తంభం: ఇవి వణుకును పెంచవు, కానీ చూసేవాళ్లకు మీరు మాట్లాడటానికి ఇష్టపడటం లేదని అనిపిస్తాయి. వాళ్లు పలకరించకుండా వెళ్తారు. మీరేమో ‘చూశారా, నేనంటే ఎవరికీ ఆసక్తి లేదు’ అనుకుంటారు.

చేతిని లోపలి నుంచి గమనించుకోవడం: అన్నింటికన్నా ఖరీదైనది ఇదే. బయట ఏం జరుగుతోందో చూడటం మానేసి, లోపల కలిగే అదురును బట్టి బయటికి ఎలా కనిపిస్తున్నారో ఊహిస్తున్నారు. లోపల గట్టిగా అదిరింది కాబట్టి బయట కూడా అంతే కనిపించి ఉంటుందని ఖాయం చేసేసుకుంటున్నారు. రాత్రి పడుకుని చూసుకుంటున్న బొమ్మ కూడా అలా తయారైనదే. అందులో మిమ్మల్ని మీరు ఎదుటి కుర్చీలోంచి చూసుకుంటున్నారు కదా? ఎప్పుడూ నిజంగా చూడని కోణం అది.

ఇక ముందడుగు గారి మాట. వెళ్లాలన్నది నిజం, దానికి నేను కాదనను. కానీ ఈ జాగ్రత్తలన్నీ వెంటేసుకుని వెళ్తే, పెళ్లి సవ్యంగా గడిచిన ప్రతిసారీ మనసు ఆ పుణ్యాన్ని జాగ్రత్తల ఖాతాలో వేస్తుంది. ‘సగం గ్లాసు తీసుకున్నాను కాబట్టి బయటపడ్డాను.’ నిండు గ్లాసు తీసుకుంటే ఏమవుతుందో ఏ పెళ్లిలోనూ తెలియలేదు. అందుకే వంద పెళ్లిళ్లయినా భయం మొదటి రోజులాగే ఉంటుంది. 1995లో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే ఇద్దరు బ్రిటిష్ మనస్తత్వవేత్తలు ఈ చక్రాన్ని వివరించారు. ఇప్పటికీ మా పనికి అదే ప్రధానమైన ఆధారాల్లో ఒకటి.

ముందడుగు
సరే, ఒప్పుకుంటాను, కానీ అద్దం ముందు సాధనలో తప్పేముంది? పరీక్షకు చదవకుండా వెళ్తామా?

విశాఖ_తీరం
పరీక్షలో ప్రశ్నపత్రం మీ మాట విని మారదు. మనుషులు మారతారు. జవాబు వల్లె వేసుకుని వెళ్లినవాళ్లు ఎదుటివాళ్ల మాట వినకుండా తమ వాక్యం కోసం కాచుకుని ఉంటారు, అందుకే సంభాషణ అతకదు. జీతం ప్రశ్నకు ఏం చెప్పాలో ఒకసారి నిర్ణయించుకోండి, ‘బాగానే ఇస్తున్నారు అత్తయ్యా, మీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది?’ అన్నంత చిన్నగా. నిర్ణయించాక ఇక దాని జోలికి పోకండి. ఒకసారి నిర్ణయించుకుంటే సిద్ధపడటం, రాత్రికి ఇరవై సార్లు తిప్పితే ఆందోళన.

పాత_లెడ్జర్
నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. నాకూ చేతులు వణుకుతాయి. సంతకం పెట్టాలంటే నరకం. నాకు తెలిసిన డాక్టరు ఇది ఆందోళన కాదు, వణుకు జబ్బేనని ప్రొప్రనొలాల్ మాత్ర రాశారు. తగ్గింది. పాపకు కూడా అదే మాత్ర ఒకటి పెళ్లి రోజు వేసుకుంటే సరిపోతుంది కదా, ఇంత చర్చ ఎందుకు?

విశాఖ_తీరం
పెద్దాయనా, మీ అనుభవం చాలా పనికొస్తుంది. మీకు ఎవరూ లేనప్పుడు కూడా వణుకుతుందా? అన్నం కలుపుకునేటప్పుడు, తాళం తీసేటప్పుడు?

పాత_లెడ్జర్
ఎప్పుడూ వణుకుతుంది. మా నాన్నగారికీ ఉండేది. నలుగురిలో కొంచెం ఎక్కువ.

విశాఖ_తీరం
అదీ తేడా. మీది ఒంటరిగా ఉన్నా ఉంటుంది, ఇంట్లో వంశపారంపర్యంగా వస్తోంది, దాన్ని నరాల వైద్యుడే చూడాలి. శ్రావణ_మేఘం గారికి ఒక్కరే ఉన్నప్పుడు ఉండదు, ఎవరైనా చూస్తున్నారనుకున్నప్పుడే వస్తుంది. అయినా ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకోవడం మంచిదే. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే సన్నని వణుకు, గుండెదడ, చెమట ఉంటాయి, వాటిని ఆందోళనగా పొరబడటం మామూలే.

మాత్ర సంగతి: నేను మందులు రాసే వైద్యురాలిని కాను. ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రొప్రనొలాల్ ప్రమాదం, శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. డాక్టరు చూడకుండా ఇంకొకరి మాత్ర వేసుకోకండి.

శ్రావణ_మేఘం
నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. ఇప్పటికీ ఇన్‌హేలర్ వాడతాను. మీరు చెప్పకపోతే మా అన్నయ్యను అడిగి తెప్పించుకునేదాన్ని.

పాత_లెడ్జర్
అయ్యో, అయితే వద్దు తల్లీ. నాకు ఆ సంగతి తెలియదు.

వేపచెట్టు
వరంగల్ నుంచి నమస్తే. నాకు అరవై దాటాయి. ఈ ఆందోళనలు మా రోజుల్లో వినలేదు. పెళ్లంటే నలుగురూ చూస్తారు, వంద మాటలంటారు. దానికి పేరు పెట్టి జబ్బు చేయడం ఎందుకు?

అర్ధరాత్రి_టీ
వేపచెట్టు గారూ, మీ రోజుల్లో ‘అమ్మాయి బిడియస్తురాలు’ అనేవారు, గదిలో కూర్చోబెట్టేవారు. అప్పుడూ ఉంది, పేరే లేదు.

అసలు ఒక విషయం. నేను ఎం.ఎ. సైకాలజీ చదువుతున్నాను. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేసిన ఒక ప్రయోగం మాకు పాఠంలో ఉంది, 2000లో అచ్చయింది. విద్యార్థులకు సిగ్గుపడేలా ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి ఒక గదిలోకి పంపారు. గదిలో ఉన్నవాళ్లలో సుమారు సగం మంది బొమ్మను గమనించి ఉంటారని తొడుక్కున్నవాళ్లు అనుకున్నారు. నిజానికి గమనించినవాళ్లు అందులో సగమే. కాబట్టి మీ చేతిని ఎవరూ చూడరు, నిశ్చింతగా వెళ్లండి.

వేపచెట్టు
అది అమెరికా గది బాబూ. మా పెళ్లిలో ఆ టీషర్టు వేసుకుని రమ్మను, ఎవరు కుట్టారో, ఎంత పడిందో కూడా అడుగుతారు. ‘సన్నబడ్డావేమి, నల్లబడ్డావేమి’ అని మొహం మీద అడిగే జనం మనది. ఎవరూ చూడరని పిల్లకు చెప్పి పంపితే మొదటి మేనత్త దగ్గరే బోర్లా పడుతుంది.

విశాఖ_తీరం
ఈ మాటలో వేపచెట్టు గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ‘ఎవరూ చూడరు’ అన్న ధీమా మన పెళ్లిళ్లలో నిలవదు. తేల్చుకోవాల్సిన ప్రశ్న వేరే: ఒకవేళ చూస్తే ఏమవుతుంది? శ్రావణ_మేఘం గారి ఊహలో చూసినవాళ్లు ఏమనుకుంటారు? అది ముందు రాయండి. తర్వాత ఇక్కడున్న అందరినీ అడుగుతాను, పెళ్లిలో ఒక అమ్మాయి కాఫీ గ్లాసు పట్టుకున్న చేయి వణకడం మీరు చూస్తే మీకు నిజంగా ఏమనిపిస్తుంది? మర్యాదకు రాయకండి.

శ్రావణ_మేఘం
‘దీనికేదో జబ్బుంది, అందుకే పెళ్లి కావడం లేదు’ అనుకుంటారు. లేకపోతే ‘మందు తాగే అలవాటు ఉందేమో’ అని. సాయంత్రానికల్లా మా అమ్మ చెవిన పడుతుంది.

పాత_లెడ్జర్
నాకైతే ‘నాలాగే ఉంది పాపం’ అనిపిస్తుంది.

మైకు_టెస్టింగ్
గ్లాసు కాలుతోందేమో అనుకుంటాను. స్టీలు గ్లాసులో కాఫీ పోసి ఇస్తే ఎవరి చేయైనా నిలవదు.

వేపచెట్టు
నిజం చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. ‘పొద్దుటి నుంచి ఏమీ తినలేదా?’ అని అడుగుతాను. ఇడ్లీ తెచ్చి పెడతాను. వద్దంటే ఊరుకోను.

ముందడుగు
కంగారుపడుతోందని అనుకుంటాను. ఎందుకని ఒక నిమిషం ఆలోచిస్తాను. అంతే.

ప్రవాస_పప్పుచారు
డాలస్ నుంచి. నిజాయతీగా: చూడను. పెళ్లిలో నా కళ్లు భోజనాల హాలు వైపే ఉంటాయి.

అర్ధరాత్రి_టీ
మా బాబాయి ఒకాయన ‘నరాల బలహీనత’ అంటాడు, ఖాయంగా. కానీ ఆయన అందరినీ అదే అంటాడు.

శ్రావణ_మేఘం
ఇడ్లీ జవాబు నేను అస్సలు ఊహించలేదు. మందు తాగుతానని ఒక్కరూ అనలేదు. నరాల బలహీనత మాట మాత్రం గుచ్చుకుంది, ఎందుకంటే మాకూ అలాంటి బాబాయి ఒకరున్నారు.

విశాఖ_తీరం
ఆ బాబాయి అంటాడు అనే అనుకోండి. అన్న తర్వాత ఏమవుతుంది? ఆ ఒక్క వాక్యం దగ్గరే మీ ఊహ ఆగిపోతోంది, దాని తర్వాతి పది నిమిషాలు మీరెప్పుడూ ఊహించలేదు. ఆయన అంటాడు, మీరు ‘ఎప్పుడూ ఇంతే బాబాయ్’ అంటారు, ఆయన మందు పేరు చెబుతాడు, భోజనాలకు పిలుస్తారు. చివరి దాకా నడిపించి చూడండి.

ఇక పెళ్లికి ముందు ఒక చిన్న పరీక్ష. ఆఫీసులో అంత దగ్గర స్నేహం లేని సహోద్యోగి ఒకరితో రెండుసార్లు టీ తాగండి. మొదటిసారి మీ జాగ్రత్తలన్నీ వాడండి: సగం కప్పు, బిగించిన పట్టు, లోపల గమనించుకోవడం. రెండోసారి అవన్నీ మానేయండి. కప్పు నిండుగా, పట్టు వదులుగా, చూపు ఎదుటివారి ముఖం మీద, చెవి వాళ్ల మాట మీద. ప్రతిసారీ అయ్యాక ఆందోళన ఎంత ఉంది, ఎంత బాగా మాట్లాడారు అని పదికి మార్కులు వేసుకోండి. వీలైతే ఆ మనిషిని కూడా అడగండి.

శ్రావణ_మేఘం
చేశాను. మొదటిసారి ఆందోళన ఎనిమిది, రెండోసారి ఆరు. మొదటిసారి ఏం మాట్లాడుకున్నామో నాకు సరిగా గుర్తు కూడా లేదు. రెండోసారి ఆమె తమ్ముడు సివిల్స్‌కు చదువుతున్నాడని, ఇంట్లో ఎవరూ ఒప్పుకోవడం లేదని తెలిసింది. చేయి రెండుసార్లూ వణికింది, రెండోసారి కాస్త తక్కువ. ధైర్యం చేసి అడిగాను కూడా. ‘మొదటి రోజు నీకు ఏదో కోపం వచ్చిందనుకున్నాను’ అంది. చేతి మాట ఎత్తలేదు.

ముందడుగు
ఇది ఆసక్తిగా ఉంది. దాచుకోవడం వల్ల కోపంగా కనిపించారన్నమాట. నేను ఇలా ఆలోచించలేదు.

విశాఖ_తీరం
బాగా చేశారు. ఆరు ఇంకా ఎక్కువే, సున్నా కావాలని ఎదురుచూడకండి. సున్నా అయితేనే వెళ్తానన్న షరతు కూడా ఒక జాగ్రత్తే.

పెళ్లి కోసం ఒక కాగితం మీద మూడు సంగతులే రాసుకోండి. ఎక్కడ ఏం జరుగుతుందని భయం, అది జరుగుతుందని ఎంత నమ్మకం, జరిగిందని ఏ గుర్తును బట్టి తెలుసుకుంటారు. మూడోది తప్పనిసరి. ‘అందరూ నన్ను తక్కువగా చూస్తారు’ అంటే తేల్చలేం. ‘కనీసం ముగ్గురు నా చేతి గురించి అడుగుతారు, అడిగాక నాతో మాట్లాడటం ఆపేస్తారు’ అంటే తేల్చగలం. రాత్రి బొమ్మ మొదలైతే దానితో వాదించకండి, ‘ఇది కాగితం మీద ఉంది, ఆదివారం చూస్తాం’ అనుకుని దృష్టిని ఫ్యాను చప్పుడు మీదికో వీధి చప్పుళ్ల మీదికో మళ్లించండి. పది సార్లు తిరిగొస్తుంది, పది సార్లు మళ్లించండి.

ప్రవాస_పప్పుచారు
నా చిట్కా ఒకటి. ఇక్కడ మన వాళ్ల పాట్‌లక్‌లకు నేను అందరికన్నా ముందే వెళ్తాను. ఇద్దరు ముగ్గురే ఉంటారు, ఒక్కొక్కరే వస్తుంటే పలకరించడం తేలిక. ఆలస్యంగా వెళ్తే నిండిన గది మొత్తం ఒకేసారి తల తిప్పుతుంది. వెళ్లగానే ప్లేట్లు సర్దే పని తీసుకుంటాను. చేతికి పని ఉంటే బెంగ ఉండదు. మీరూ పెళ్లిలో పన్నీరు చల్లే పనో, తాంబూలం సంచులిచ్చే పనో తీసుకోండి.

విశాఖ_తీరం
ముందే వెళ్లడం మంచిదే. పని విషయంలో నాకు సందేహం ఉంది. మనుషులను తప్పించుకోవడానికి వంటింట్లో దూరి రోజంతా గిన్నెలు సర్దేవాళ్లను చూశాను. అదీ స్తంభం లాంటిదే.

ప్రవాస_పప్పుచారు
ఆ పని వల్లే నాకు సగం స్నేహాలు దొరికాయండీ. స్తంభం ఎవరితోనూ మాట్లాడించదు, ప్లేట్ల దొంతర మాట్లాడిస్తుంది. దాన్ని కూడా తీసేస్తే నాలాంటివాడు ఇంట్లోనే కూర్చుంటాడు.

విశాఖ_తీరం
తాంబూలం సంచి ఇవ్వడం అంటే వచ్చే ప్రతి మనిషి ముఖం చూడాలి, కాబట్టి దానికి నా అభ్యంతరం తక్కువ. ఆ పని లేని రోజు మీరు గదిలోకి అడుగు పెట్టగలరా అన్నదే నా ప్రశ్న.

ప్రవాస_పప్పుచారు
పెట్టలేను. కానీ అలాంటి రోజు ఎందుకు రావాలి?

శ్రావణ_మేఘం
పెళ్లి అయింది. నిన్ననే హైదరాబాదు వచ్చాను.

కాగితం మీద రాసింది: విడిదిలో ముగ్గురు అడుగుతారు, అడిగాక దూరం జరుగుతారు, నమ్మకం నూటికి ఎనభై. జరిగింది: నిండు గ్లాసు తీసుకున్నాను. వణికింది, కాస్త చీర మీద ఒలికింది. మా చిన్న పిన్ని చూసి ‘చేయి వణుకుతోందేమే?’ అంది. ‘నలుగురిలో ఎప్పుడూ ఇంతే పిన్నీ’ అన్నాను. ‘మీ అమ్మమ్మకీ అంతే, పేరంటాలకు వెళ్తే గాజులు గలగలలాడేవి’ అని నవ్వి, మరక పోవాలంటే వెంటనే చన్నీళ్లు పెట్టమని నన్ను కుళాయి దగ్గరికి లాక్కెళ్లింది. ఇంకెవరూ అడగలేదు. ఆ బాబాయి పక్కనే కూర్చున్నాడు, మామిడి కౌలు ధర గురించే మాట్లాడాడు.

రిసెప్షన్ మాత్రం అలా కాలేదు. వరుసలో నిలబడ్డాను, తెర మీద ముందున్నవాళ్లు పెద్దగా కనిపిస్తున్నారు. నా వంతు వచ్చే ముందు పక్కకు తప్పుకున్నాను. ఆ రాత్రి నిద్ర లేదు. విడిదిలో జరిగింది కూడా పిన్ని జాలిపడి అన్నదేమో అని మొదటి నుంచి తవ్వుకుంటూ కూర్చున్నాను.

వేపచెట్టు
చూశావా, చీర మరక గురించే ఆలోచించింది మీ పిన్ని. నేను చెప్పానా లేదా.

విశాఖ_తీరం
ఆ పోస్టుమార్టం సంగతి గట్టిగా పట్టుకోండి. జరిగిన పెళ్లిని అది మీ భయానికి అనుగుణంగా తిరగరాస్తుంది, వచ్చే పెళ్లికి ముందు మీకు గుర్తొచ్చేది అలా తిరగరాసిందే. అందుకే ఇంటికి రాగానే, పడుకోకముందే, కాగితం రెండో పక్క ఎవరు ఏ మాట అన్నారో మాత్రమే రాసేయాలి. ‘జాలిపడింది’ అన్నది మాట కాదు, మీ వ్యాఖ్యానం. ‘చన్నీళ్లు పెట్టు’ అన్నది మాట.

వరుసలోంచి తప్పుకోవడం గురించి: విడిది మీద మీరు రాసుకున్నారు, వేదిక మీద రాసుకోలేదు. పాత పద్ధతి అక్కడ మిగిలిపోయింది. విడిదిలో ఎవరైనా వీడియో తీశారా?

శ్రావణ_మేఘం
మా అన్నయ్య ఫోనులో ఉంది. చూడాలంటే భయం.

విశాఖ_తీరం
చూసే ముందు, చేయి ఎంత ఊగుతూ కనిపిస్తుందో మీరే నటించి ఆ కదలికను ఫోనులో రికార్డు చేసుకోండి. తర్వాత అసలుది చూడండి, ముక్కూ మొహం తెలియని అమ్మాయిని చూస్తున్నట్టు, శబ్దం ఆపేసి. చూస్తూ అప్పటి గుబులును గుర్తు చేసుకోకండి, తెర మీద ఉన్నదే చూడండి. మామూలుగా చూస్తే ఆ రోజు గుబులే మళ్లీ కనిపిస్తుంది.

అర్ధరాత్రి_టీ
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నా స్నేహితుడు ఒకడు ఈ భయంతోనే తరగతులకు రావడం మానేశాడు, మెస్‌కు కూడా రాడు, గదికే పార్శిల్ తెప్పించుకుంటాడు. వాడికి ఈ కాగితం సరిపోతుందా?

విశాఖ_తీరం
సరిపోదు. చదువు ఆగిపోతోంది, తిండి కూడా మారిపోయింది అంటే మనిషి ఎదురుగా కూర్చుని చేయాల్సిన పని. ఇలాంటి ఆందోళనకు బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2013 నుంచి మొదట సూచించేది మందులు కాదు, నేను పైన చెప్పిన పద్ధతితో ఒక్కొక్కరికీ విడిగా చేసే చికిత్సే. దగ్గర్లో ఎవరూ లేకపోతే టెలీ మానస్ 14416కు ఫోను చేయమనండి. ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వాడికి ఫోనులో మాట్లాడటమూ భయమైతే మొదటి కాల్ మీరు పక్కన కూర్చుని చేయించండి.

శ్రావణ_మేఘం
వీడియో చూశాను. నేను నటించి రికార్డు చేసిన దానిలో గ్లాసు దాదాపు అర చేయి అంత ఊగుతోంది. అసలు దానిలో గ్లాసు అంచు కొంచెం కదులుతోంది, అంతే. చూడమని చెబితే కనిపిస్తుంది. నన్ను ఆశ్చర్యపరిచింది వేరే: నా మొహం. ఎవరో పలకరిస్తుంటే నేను గ్లాసు వైపే చూస్తున్నాను, ఒక్క నవ్వు లేదు. ఆ అమ్మాయి దగ్గరికి నేనైనా వెళ్లను.

ముందడుగు
అద్దం కన్నా ఇదే మేలు. ఒక అనుమానం: వీడియో నిజంగా ఘోరంగా ఉంటే? అందరికీ ఇలా బాగా రాదు కదా.

విశాఖ_తీరం
మంచి ప్రశ్న. కొందరిలో నిజంగానే ఎర్రబడటం, చెమట బాగా కనిపిస్తాయి. అప్పుడు వీడియోతో ఒప్పించలేం, ‘కనిపిస్తే ఏమవుతుంది’ అన్న దారిలోనే వెళ్లాలి. పాత_లెడ్జర్ గారి చేయి ఎలాగూ కనిపిస్తుంది.

పాత_లెడ్జర్
కనిపిస్తుంది. నేను బ్యాంకులో కొత్త గుమాస్తాకు మొదటి రోజే చెప్పేసేవాణ్ణి, ‘నా సంతకం రోజుకో రకంగా ఉంటుంది, భయపడకు’ అని. చెప్పాక కొంచెం తగ్గేది కూడా.

శ్రావణ_మేఘం
వచ్చే నెల అక్క సీమంతం. పసుపు, కుంకుమ పెట్టి గాజులు తొడగాలి, అందరూ చుట్టూ కూర్చుని చూస్తుంటారు. గాజులు తొడిగేటప్పుడు చేయి ఎదుటివారి చేతికి తగులుతుంది, అంటే వణుకు కనిపించడమే కాదు, తెలుస్తుంది కూడా. ఈసారి వేదిక భాగాన్ని కూడా కాగితం మీద రాస్తున్నాను. ప్రవాస_పప్పుచారు గారి మాట విని బొట్టు పెట్టి పిలిచే పని కూడా అడిగాను. అది స్తంభమో కాదో మీరిద్దరూ తేల్చండి.

ప్రవాస_పప్పుచారు
కాదు.

విశాఖ_తీరం
ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టాలంటే చేయి నుదుటికి చాచాలి, కాబట్టి ఈసారికి కాదు. పాట్‌లక్ ప్లేట్ల మీద నా అభిప్రాయం మారలేదు.